ఆ ‘ఉంటే’ తీసేస్తేనే క్షమాపణ

“అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా ఇంట్లో జరిగిన చిన్న ఫంక్షన్ వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే సారీ. పిల్లలంతా చాలా రోజుల తర్వాత కలవడంతో కాస్త ఆలస్యమైంది. అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాం. థాంక్యూ.”

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు ఈ మెసేజ్ కొత్తేమీ కాదు. ఆదివారం పొద్దున పదింటికి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. దాని కింద నాలుగు దండం బొమ్మలు, ఒకటి రెండు ‘ఇట్స్ ఓకే’లు వచ్చి చేరతాయి. రాత్రంతా కన్ను మూయని ఇంటి నుంచి మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. మెసేజ్ పెట్టినవాళ్లు మర్యాదగా సారీ చెప్పాం కదా అనుకుంటారు. చదివినవాళ్లకు రాత్రి కన్నా పొద్దునే ఎక్కువ కోపం వస్తుంది. పెట్టినవాళ్ల మనసులో నిజంగానే బాధ ఉండొచ్చు. అది మాటల్లోకి రాలేదు, అంతే. ఎందుకు రాలేదో, ఎలా రప్పించాలో ఈ ఒక్క మెసేజ్‌ని తిరగరాస్తూ చూద్దాం.

తిరగరాయాలంటే ముందు ఆ రాత్రి ఏం జరిగిందో తెలియాలి. అందుకని ఒక సందర్భం ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. 402లో అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. శనివారం రాత్రి పాతికమంది చుట్టాలు, స్నేహితులు వచ్చారు. సరిగ్గా కింద 302లో రిటైరైన మాస్టారు, ఆయన భార్య, మనవరాలు ఉంటారు. ఆ అమ్మాయికి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ప్రవేశపరీక్ష.

ఎనిమిదింటికి భోజనాలు మొదలయ్యాయి. హాల్లో చోటు చాలక పదిన్నరకి స్పీకరు బాల్కనీలోకి మారింది. పదకొండుంబావుకి మాస్టారు ఫోన్ చేశారు. “అమ్మాయికి పొద్దున్నే పరీక్ష ఉందమ్మా, కాస్త సౌండు తగ్గిస్తారా?” అని అడిగారు. “అయ్యో, ఐదు నిమిషాల్లో ఆపేస్తాం మాస్టారూ” అని 402 ఇల్లాలు చెప్పింది. సౌండు తగ్గింది. మరో ఇరవై నిమిషాలకు ఎవరో మళ్లీ పెంచారు. పన్నెండున్నరకి మాస్టారు మెట్లెక్కి పైకొచ్చి బెల్లు కొట్టారు. పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయారు. ఒంటిగంటా ఇరవైకి పాటలు ఆగాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి వేయడం, డైనింగ్ టేబుల్ దాని చోటికి లాగడం, గేటు దగ్గర వీడ్కోలు కబుర్లు, బైకులు స్టార్ట్ చేయడం. అన్నీ సద్దుమణిగేసరికి రెండు కావొచ్చింది.

ఇదంతా జరిగిన దాదాపు ఆరు గంటల రాత్రి, మెసేజ్‌లో ‘చిన్న ఫంక్షన్’, ‘కాస్త ఆలస్యం’ అయిపోయింది.

ఆ వాక్యాల్లో ఏముంది?

మొదటిది ‘ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే’. ఎవరికి కలిగిందో 402కి తెలుసు. ఫోన్ చేసి మరీ చెప్పారు. తెలిసి కూడా ‘ఉంటే’ అనడంతో జరిగిన సంగతి జరిగిందో లేదో తెలియని సంగతైంది. ఇబ్బంది పడ్డామని రుజువు చేసుకునే భారం మాస్టారి మీద పడింది. పైగా ఇబ్బంది దానంతటది ‘కలిగింది’, ఆలస్యం దానంతటది ‘అయింది’. చేసినవాళ్లు వాక్యంలో ఎక్కడా లేరు. రైల్వే స్టేషన్లో ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని మైకులో వినిపించినప్పుడు, మన కోసం ఎవరో బాధపడుతున్నారని ఏ ప్రయాణికుడూ అనుకోడు. ఆ ధోరణే ఇక్కడికీ వచ్చింది. ‘శబ్దం వచ్చింది’ అనేదాన్ని ‘మేం శబ్దం చేశాం’ అని మార్చి చూడండి. రాసేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడుతుంది. అలా వెనకాడిన చోటే క్షమాపణ మొదలవుతుంది.

రెండోది ‘పిల్లలు చాలా రోజుల తర్వాత కలవడంతో’. అది నిజమే. కానీ ఆ సంతోషం 402ది, దాని ఖర్చు 302ది. కారణం చెప్పగానే చదివేవాళ్ల ముందు ఒక ప్రశ్న నిలబడుతుంది: ‘పిల్లలు సరదాగా ఉంటే ఓర్చుకోలేరా?’ అడగకపోయినా అడిగినట్టే ఉంటుంది.

మూడోది ‘అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాం’. నిద్రపోనివ్వని వాళ్లను అర్థం చేసుకోవడం కూడా నిద్రపోనివాళ్ల పనేనట. మర్యాదగా కనిపించే ఈ వాక్యంలోనే ఎదుటివాళ్ల మీద వేసే బరువు ఎక్కువ.

ఇక మెసేజ్‌లో లేనివి చూడండి. టైము లేదు. బాల్కనీలో స్పీకరు లేదు. మాస్టారి ఫోన్ లేదు, ఇచ్చిన మాట లేదు. పరీక్ష లేదు. ఇకమీదట ఏం మారుతుందో అసలే లేదు. వాక్యాల్లో ఉన్నదాని కన్నా ఈ లేనివే 302ని ఎక్కువ గుచ్చుతాయి.

క్షమాపణలో ఏది పనిచేస్తుంది?

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, మరికొందరు పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. క్షమాపణను వాళ్లు ఆరు భాగాలుగా విడదీశారు. బాధను వ్యక్తం చేయడం, ఎందుకలా జరిగిందో వివరించడం, తప్పు నాదేనని ఒప్పుకోవడం, మళ్లీ చేయనని చెప్పడం, జరిగిన నష్టాన్ని సరిదిద్దుతాననడం, క్షమించమని కోరడం. వీటిని రకరకాలుగా కలిపి చదివించి, ఏది ఎక్కువ పనిచేస్తోందో అడిగారు. అన్నిటికన్నా ముందు నిలిచింది తప్పు ఒప్పుకోవడం. దాని తర్వాత సరిదిద్దుతాననడం. చిట్టచివరన మిగిలింది, లేకపోయినా పెద్ద నష్టం లేదనిపించుకుంది, క్షమించమని కోరడం.

మనం మామూలుగా రాసే మెసేజ్ ఈ వరసకు పూర్తిగా తలకిందులు. ‘సారీ’, ‘క్షమించగలరు’ దండిగా ఉంటాయి. ఒప్పుకోలు ‘ఉంటే’లో కరిగిపోతుంది. దిద్దుబాటు ఊసే ఉండదు.

ఆ అధ్యయనం ఉద్యోగానికి సంబంధించిన సందర్భం గురించి రాసిన మాటలను చదివించి చేసింది. గొంతు, ముఖం, ఏళ్ల తరబడి ఉన్న పరిచయం అందులో లేవు. పొరుగింటి విషయంలో అవన్నీ తోడవుతాయి. అయినా ఆ మొదటి రెండూ ఇక్కడ కూడా మొదటి రెండే. తప్పు ఒప్పుకోవాలన్నా, సరిదిద్దుతామనాలన్నా, ఏ తప్పో, దేన్ని సరిదిద్దాలో తెలిసి ఉండాలి. అందుకే వివరాలు కావాలి. అవి ఉత్తరానికి అలంకారం కోసం కాదు.

కింద ఏం వినపడిందో తెలుసుకోవాలి

చాలామంది నిజాయితీగానే ‘మేం తలుపులు వేసుకున్నాం, అంత శబ్దమేమీ రాలేదే’ అంటారు. పై ఇంట్లో వినపడేది వేరు, కింద ఇంట్లో వినపడేది వేరు. పాటలోని సన్నటి స్వరాలను గోడలు, తలుపులు చాలావరకు ఆపేస్తాయి. బేస్ దరువు మాత్రం గోడలకు, శ్లాబుకు పెద్దగా లొంగదు. అందుకే కింద పడుకున్నవాళ్లకు పాట వినపడదు, మాట వినపడదు, ‘ధబ్ ధబ్’ మని దరువు ఒక్కటే వినపడుతుంది. ఏ పాటో తెలియని దరువు, ఎప్పుడాగుతుందో తెలియని దరువు. స్పీకరు నేల మీద పెడితే ఆ అదురు నేరుగా శ్లాబులోకి దిగుతుంది. బాల్కనీలో పెడితే ఆపడానికి గోడ కూడా ఉండదు, తెరిచి ఉన్న కిటికీల్లోంచి లోపలికి వెళుతుంది.

కుర్చీ సంగతి ఇంకా విచిత్రం. పైన కుర్చీ జరిపినవాళ్లకు అది చిన్న కీచుమన్న చప్పుడు. కాలు నేలను రాసుకున్న ఆ అదురు శ్లాబు గుండా దిగి, కింద గది సీలింగు మొత్తాన్నీ మోగిస్తుంది. పాటలు ఆగాయి, హమ్మయ్య అని కళ్లు మూసుకున్నప్పుడు ఈ చప్పుడు మొదలైతే అంతకన్నా చికాకు ఉండదు. మన 302లో ఒంటిగంటా ఇరవై తర్వాత జరిగింది ఇదే. 402 వాళ్ల లెక్కలో మాత్రం ఆ టైముకి ఫంక్షన్ అయిపోయింది.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి అంటే పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా. నివాస ప్రాంతాల్లో ఆ వేళ శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. పగలైతే 55. సొంత స్థలంలో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ శబ్దం ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితికి 5 డెసిబెల్స్ మించి ఉండకూడదు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే దాదాపు 60 ఉంటుంది. హాయిగా నిద్రపోవాలంటే పడగ్గదిలో శబ్దం 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. డెసిబెల్స్ లెక్కలో పది పెరిగితే చెవికి సుమారుగా రెట్టింపు శబ్దంలా వినపడుతుంది. అంటే అర్ధరాత్రి బాల్కనీలో పాటల మాట అటుంచి, పదిమంది గట్టిగా మాట్లాడుకున్నా పరిమితి దాటినట్టే.

ఈ అంకెలేవీ ఉత్తరంలో రాయక్కర్లేదు. నిబంధనలు వల్లిస్తూ సారీ చెబితే జరిమానా కట్టినట్టుంటుంది. పదింటి తర్వాత నిశ్శబ్దం 302 వాళ్లకు ఉన్న హక్కు. అది తెలిస్తే, వాళ్లేదో సర్దుకుపోలేదన్న అలక రాసేవాళ్ల మనసులోంచి పోతుంది. ఆ అలక ఉన్నంతసేపూ మాటల్లో ఎక్కడో ఒకచోట ‘కానీ’ అని బయటపడుతూనే ఉంటుంది.

రెండో చిత్తుప్రతి: అతి వినయం

మొదటి మెసేజ్ పొడిగా ఉందని తెలిశాక చాలామంది ఇలా రాస్తారు:

“మాస్టారూ, మేం చేసింది క్షమించరాని తప్పు. తలుచుకుంటేనే సిగ్గుతో చచ్చిపోతున్నాను. పొద్దున్నుంచి ముద్ద దిగట్లేదు. మీ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. మీరు క్షమించానని ఒక్క మాట అంటే గానీ నా మనసు కుదుటపడదు.”

కన్నీళ్లున్నాయి, దండాలున్నాయి. ఇప్పుడు ఇందులో ఎవరి గురించి ఉందో లెక్కపెట్టండి. సిగ్గు రాసినవాళ్లది, ముద్ద దిగనిది రాసినవాళ్లకే, కుదుటపడాల్సిందీ వాళ్ల మనసే. మాస్టారి రాత్రి ఎక్కడా లేదు. పైగా ఆయనకు కొత్తగా ఒక పని పడింది. నిద్రలేని కళ్లతో, మనవరాలి పరీక్ష ఎలా జరిగిందోనన్న దిగులుతో ఉన్న మనిషి, ఇప్పుడు పై ఇంటి వాళ్లను ఓదార్చాలి. మన పద్ధతిలో ఆయన “అయ్యో, పర్లేదమ్మా, పిల్లలన్నాక మామూలే” అనక తప్పదు. అలా అనిపించుకున్నాక 402 ఊపిరి పీల్చుకుంటుంది. మాస్టారు లోపల మాట లోపలే మింగుతారు. ఆ మింగిన మాటే ఆరు నెలల తర్వాత పార్కింగ్ గొడవలోనో, నీళ్ల మోటారు గొడవలోనో బయటికొస్తుంది.

కాబట్టి ఉత్తరంలో మన బాధకు ఒక్క వాక్యం చాలు. మిగతా చోటంతా వాళ్ల రాత్రికి ఇవ్వాలి.

రాసేముందు అడగాల్సింది

వాళ్ల రాత్రి ఎలా గడిచిందో ఊహించి రాయకూడదు. ‘మీకు బీపీ పెరిగి ఉంటుంది’, ‘అమ్మాయి పరీక్ష పాడైపోయి ఉంటుంది’ లాంటి ఊహలు తప్పైతే అవమానం, ఒప్పైతే గాయాన్ని కెలకడం. తెలిసినంతే రాయాలి, తెలియనిది తెలుసుకుని రాయాలి. 402 వాళ్లు పొద్దున వాచ్‌మన్‌ని అడిగితే, మాస్టారు పన్నెండున్నరకి పైకెళ్లి తిరిగొచ్చిన సంగతి తెలిసింది. ఫోన్లో కాల్ వచ్చిన టైము ఉంది. స్పీకరు ఎప్పుడు బయటికి మారిందో ఇంట్లో అందరికీ గుర్తుంది. తగ్గించిన సౌండు మళ్లీ ఎవరు పెంచారో కూడా ఆరా తీశారు. ఒక మేనల్లుడు పెంచాడట. ఆ పేరు ఉత్తరంలోకి రానక్కర్లేదు. మాస్టారికి మాటిచ్చింది మేనల్లుడు కాదు, ఇల్లాలు. ఇంటికొచ్చిన అతిథి చేసిన శబ్దం కూడా ఇంటివాళ్ల ఖాతాలోదే.

ఇక్కడే ఈ రాత్రిలో అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో అర్థమవుతుంది. పాటలు పెట్టడం ఒక తప్పు. మాస్టారు నోరు తెరిచి అడిగాక, సరేనని చెప్పి, మళ్లీ పెంచడం వేరే తప్పు. మొదటిది ఆలోచన లేకపోవడం, రెండోది మాట తప్పడం. ఒక్క ‘సౌండ్ వల్ల ఇబ్బంది’ అన్న మాటతో రెండిటినీ చుట్టేస్తే, పెద్దది చిన్నదాని వెనక దాక్కుంటుంది. దాన్ని బయటపెట్టకుండా ఎన్ని మంచి మాటలు రాసినా మాస్టారు ఆ ఒక్కదాని కోసమే వెతుకుతారు.

తిరగరాసిన ఉత్తరం

“మాస్టారూ, అమ్మా, నమస్కారం.

శనివారం రాత్రి మా ఇంట్లో ఒంటిగంటా ఇరవై దాకా పాటలు పెట్టాం. పదిన్నరకి స్పీకరు బాల్కనీలోకి మార్చింది మేమే. దాని కిందే మీ పడగ్గది ఉందన్న ఆలోచన చేయలేదు.

పదకొండుంబావుకి మీరు ఫోన్ చేసి, అమ్మాయికి పొద్దున్నే పరీక్ష ఉందని చెప్పారు. ఐదు నిమిషాల్లో ఆపేస్తానని నేను మాటిచ్చాను. కాసేపు తగ్గించి మళ్లీ పెంచాం. తర్వాత మీరు పైకొచ్చి బెల్లు కొట్టారని, ఎవరూ తీయకపోతే వెనక్కి వెళ్లారని పొద్దున తెలిసింది. పాటలు ఆపాక కూడా కుర్చీలు, టేబులు లాగుతూనే ఉన్నాం. అంతసేపు శబ్దం చేయడం తప్పు. మీరు అడిగాక, మాటిచ్చి కూడా ఆపకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. రెండూ మావే.

పరీక్ష ముందు రాత్రి అమ్మాయికి నిద్ర లేకుండా చేశాం. దాన్ని తిరిగి ఇవ్వలేం. అందుకు చాలా బాధగా ఉంది. క్షమించండి.

ఇకనుంచి మా ఇంట్లో ఏ ఫంక్షనైనా పదింటికల్లా పాటలు ఆపేస్తాం. స్పీకరు బాల్కనీలో పెట్టం. సామాన్లు రాత్రి జరపకుండా పొద్దున సర్దుకుంటాం. డైనింగ్ కుర్చీల కాళ్లకు రబ్బరు బుష్‌లు వేయించాం. ఎవరైనా వస్తున్నారంటే రెండు రోజుల ముందే మీకు చెబుతాను, ఆ రాత్రి ఫోన్ నా చేతిలోనే ఉంచుకుంటాను.

దీనికి మీరు జవాబు ఇవ్వాల్సిన పనిలేదు. మాతో ఏమైనా అనాలనిపిస్తే ఎప్పుడు పిలిచినా వచ్చి వింటాను.

— 402”

ఇందులో గంభీరమైన మాట ఒక్కటీ లేదు. ‘క్షమించండి’ అన్నది ఒక్కసారే ఉంది, అదీ ఏం చేశారో పూర్తిగా చెప్పాకే వచ్చింది. అబ్బాయి ఉద్యోగం ఊసు లేదు. చుట్టాలు చాన్నాళ్లకు కలిశారన్న మాట లేదు. కారణాలు అడిగితే తర్వాత చెప్పుకోవచ్చు. ‘చేశాం’, ‘పెంచాం’, ‘ఆపకపోవడం’ అన్న క్రియలన్నిటికీ కర్త ఉన్నాడు. మాట తప్పిన చోట మాత్రం ‘మేం’ పోయి ‘నేను’ వచ్చింది. మాటిచ్చింది ఒక్క మనిషి కాబట్టి.

హామీలు చూడండి. ‘ఇంకెప్పుడూ మా వల్ల ఇబ్బంది రాదు’ అనలేదు. అది ఎవరూ నిలబెట్టుకోలేని మాట. పసిపిల్లలున్న ఇల్లయితే మరీను. పదింటికి పాటలు ఆపడం మాత్రం నిలబెట్టుకోగలిగిన మాట. నిలబెట్టుకున్నారో లేదో కింద ఇంటివాళ్లు గడియారం చూసి చెప్పగలరు. కుర్చీల బుష్‌ల విషయంలో ‘వేయిస్తాం’ అనకుండా ‘వేయించాం’ అన్నారు. ఉత్తరం రాసేలోపే పూర్తి చేయగలిగిన పని ఒక్కటైనా ఉంటే, మిగతా హామీల మీద నమ్మకం దానంతటదే పెరుగుతుంది. అలాంటి బుష్‌లు హార్డ్‌వేర్ షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి. కుర్చీ కాలు మందం కొలుచుకుని వెళ్లాలి. వదులైతే వారంలో ఊడిపోతాయి.

ఉత్తరం పూర్తయ్యాక ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇదే కాగితం 302కి బదులు 201కి ఇస్తే సరిపోతుందా? సరిపోతే అది ఇంకా మాస్టారికి రాసిన ఉత్తరం కాలేదన్నమాట.

ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

ఆదివారం పొద్దున ఏడింటికి బెల్లు కొట్టకండి. ఆ వేళకు వాళ్లు పరీక్షకు బయల్దేరే హడావుడిలో ఉంటారు, లేదా అప్పుడే కునుకు పట్టి ఉంటుంది. సాయంత్రం వెళ్లడం మంచిది. అంతకన్నా ఆలస్యమైతే, విషయం అసోసియేషన్ దాకా వెళ్లాక వచ్చిన క్షమాపణ అవుతుంది. అప్పుడు దాన్ని భయంతో చెప్పిందిగానే చూస్తారు.

మాటిచ్చిన మనిషే స్వయంగా వెళ్లాలి. పిల్లాడి చేతికి స్వీట్ బాక్సిచ్చి పంపడం మనకు బాగా అలవాటు. మాట లేకుండా వెళ్లిన స్వీట్లు, నోరు మూయించడానికి వచ్చిన స్వీట్లలాగే కనిపిస్తాయి. ముందు మాట చెప్పండి. స్వీట్లు మరో రోజు, మరో సందర్భంలో పంచుకోవచ్చు. ఎదురుగా నిలబడి ఇవన్నీ వరసగా చెప్పగలిగితే కాగితమే అక్కర్లేదు. గొంతు వణుకుతుందనుకున్నా, మధ్యలో ‘కానీ’ దూరుతుందనుకున్నా, కాగితం చేతికిచ్చి “ఇది మీకోసం రాశాను మాస్టారూ” అని ఆగిపోవచ్చు.

గ్రూపులో వేరే మెసేజ్ పెట్టాలి, ఎందుకంటే మిగతా ఇళ్లకు కూడా శబ్దం వెళ్లింది. అందులో 302 ప్రస్తావన, పరీక్ష ప్రస్తావన వద్దు. అవి వాళ్ల ఇంటి విషయాలు. ఇలా ఉంటే చాలు: “శనివారం రాత్రి ఒంటిగంటా ఇరవై దాకా మా ఇంట్లో పాటలు పెట్టి మీ అందరి నిద్ర చెడగొట్టాం. తప్పు మాది, క్షమించండి. ఇకపై పదింటికి ఆపేస్తాం. పది దాటాక ఎప్పుడైనా వినపడితే నేరుగా నాకు ఫోన్ చేయండి. — 402.” మొదటి మెసేజ్ కన్నా ఇది పెద్దగా పొడవేమీ కాదు. ‘ఉంటే’ పోయింది, టైము వచ్చింది, హామీ వచ్చింది.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

‘పర్లేదులెండి’ అని తలుపేస్తే ఇంకా పనిచేయనట్టు. అయినా కంగారు పడక్కర్లేదు, మరోసారి వెళ్లి బతిమాలక్కర్లేదు. మాస్టారు తలుపు దగ్గరే నిలబడి “అసలేం జరిగిందో తెలుసా అమ్మా, ఆ పిల్ల రెండింటి దాకా మంచం మీద కూర్చునే ఉంది” అని మొదలుపెడితే మాత్రం క్షమాపణ లోపలికి వెళ్లినట్టే. చాలామంది ఈ ఘట్టంలోనే మొత్తం పాడుచేసుకుంటారు. కోపం విని కంగారుపడి వివరణ మొదలుపెడతారు. “మేం తగ్గించాం మాస్టారూ, మావాడే మళ్లీ...” అంటారు. అంతే, ఉత్తరంలో తీసేసిన ‘కానీ’ నోట్లోంచి వచ్చేస్తుంది. ఆయన చెప్పినంతసేపూ వినాలి. తెలియని సంగతి ఏదైనా చెబితే “అది నాకు తెలియదు మాస్టారూ, అది కూడా మా వల్లే” అనాలి. ఆ పూటకు అంతకు మించి మాట్లాడాల్సింది లేదు.

ఒకవేళ పొరుగువాళ్లు కూడా మాట తూలారనుకోండి. అర్ధరాత్రి తలుపు బాదారు, 100కి ఫోన్ చేశారు. అది మనసులో ఉన్నా ఈ ఉత్తరంలోకి రాకూడదు. ‘మాది తప్పే, మీరూ అలా అనకుండా ఉండాల్సింది’ అన్న వాక్యంలో రెండో సగం మొదటి సగాన్ని తుడిచేస్తుంది. చెప్పక తప్పదనుకుంటే మరో రోజు విడిగా మాట్లాడుకోవాలి.

క్షమాపణకు హద్దు కూడా ఉంది. పోయిన నిద్ర రాదు. పరీక్షలో తగ్గిన మార్కులు, ఒకవేళ తగ్గి ఉంటే, ఉత్తరంతో పెరగవు. మాస్టారు క్షమించకపోవచ్చు, క్షమించాల్సిన బాధ్యత ఆయనకేమీ లేదు. అన్నిటికన్నా పెద్ద హద్దు ఇంకొకటుంది. ఇదే ఉత్తరాన్ని రెండోసారి ఇవ్వడం కుదరదు. వచ్చే సంక్రాంతికో, పుట్టినరోజుకో మళ్లీ అర్ధరాత్రి దాకా పాటలు మోగితే, వివరంగా రాసిన ఆ మొదటి ఉత్తరమే 402కి ఎదురు సాక్ష్యమవుతుంది. ఏం తప్పో, ఎందుకు తప్పో, ఏం చేస్తే సరిపోతుందో వాళ్లకు తెలుసని అందులోనే ఉంది మరి.

అందుకే రాయగలిగినంత వరకే మాటివ్వండి, ఇచ్చినదాన్ని గోడ మీద రాసుకుని పెట్టుకోండి. వచ్చే ఫంక్షన్‌కు రెండు రోజుల ముందు కింద బెల్లు కొట్టి చెప్పండి. ఆ రాత్రి పదింటికి స్పీకరు మీరే వెళ్లి ఆపండి. ఉత్తరం పూర్తయ్యేది ఆ రాత్రే.